గానుగ అప్పు ఎన్నాళ్ళకు తీరుతుంది: చిత్తూరు పిండిమర అంగడి లెక్క

చిత్తూరు నుంచి గుడిపాల వైపు పోయే రోడ్డు పక్కన ఒక పిండిమర ఉంది. ముందు చిన్న కిరాణా అంగడి, వెనక గదిలో మర. ఆయన మర చూసుకుంటాడు, ఆమె అంగడి చూసుకుంటుంది. చుట్టుపక్కల పల్లెల్లో చెనక్కాయ వేస్తారు, చాలా ఇళ్ళలో ఆవులున్నాయి. రాగులో, బియ్యమో పట్టించుకోడానికి వచ్చేవాళ్ళు "అన్నా, చెనక్కాయలు కూడా ఆడిస్తే బాగుంటుంది కదా" అని అడుగుతూ ఉండేవాళ్ళు. అలా కరెంటు గానుగ ఆలోచన మొదలైంది. మిషన్ అమ్మేవాళ్ళ దగ్గర కొటేషన్ తీసుకున్నారు. ముద్రా అప్పు కోసం బ్యాంకుకు వెళ్ళే ముందు, కంతు కట్టగలమా లేదా అని మమ్మల్ని లెక్క చూడమన్నారు.

ఇందులోని ధరలన్నీ ఆ అంగడి వాళ్ళకు దొరికిన ధరలు. మీ ఊళ్ళో గింజల ధర, కూలి, కరెంటు రేటు వేరుగా ఉంటాయి. ధరలు మార్చి వేసుకోండి, లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

కొటేషన్‌లో ఉన్నది, లేనిది

మూడు హెచ్‌పీ మోటారు, దిరిసెన చెక్కతో చేసిన రోలు, రోకలి, వాయికి 15 కిలోల గింజలు పట్టే గానుగ. పన్నుతో కలిపి 2,35,000 రూపాయలు. మిషన్ ఖర్చంటే ఇదేనని వాళ్ళ అంచనా. కానీ గానుగ వచ్చి తిరగడానికి ఇంకొన్ని కావాలి. రవాణా, పునాది దిమ్మె, బిగింపు కలిపి 15,000. పిండిమరకు త్రీఫేజు ముందే ఉంది కాబట్టి కొత్త కనెక్షన్ అక్కర్లేదు, అదనపు లోడుకు, వైరింగుకు, స్టార్టరుకు కలిపి 15,000. నూనె తేర్చడానికి స్టీలు డ్రమ్ములు, వడగట్టే గుడ్డలు, కాటా, మొదటి విడత సీసాలు 25,000. సొంతంగా నూనె తీసి అమ్మడానికి నాలుగు క్వింటాళ్ళ గింజలకు 45,000.

మొత్తం 3,35,000. అంటే కొటేషన్ మీద ఇంకో లక్ష. ఈ లక్షను లెక్కలో వేయకపోతే అది అంగడి సరుకు డబ్బుల్లోంచి పోతుంది. రెండు నెలల తర్వాత పంచదార, పప్పుల సంచులు తగ్గి కనిపిస్తాయి, గానుగ వల్లే అని ఎవరికీ తట్టదు. అందుకే అప్పు 2,80,000, చేతి డబ్బు 55,000 అని మొదటే తేల్చుకున్నాం. యాభై వేలు దాటి ఐదు లక్షల లోపు అప్పు కాబట్టి ఇది ముద్రాలో కిశోర్ విభాగం కిందికి వస్తుంది, తాకట్టు అడగరు. వడ్డీ ఏడాదికి 11 శాతం, తగ్గే అసలు మీద.

అమ్మేవాళ్ళ లెక్క

కొటేషన్‌తో పాటు ఒక కాగితం ఇచ్చారు. రోజుకు పది వాయిలు, వాయికి 15 కిలోలు, నెలకు 25 రోజులు. అంటే 3,750 కిలోలు. కిలోకు ఆడించిన కూలి 15 రూపాయలు. నెలకు 56,250. మూడేళ్ళ అప్పుకు కంతు 9,167 మాత్రమే కాబట్టి ఆరు నెలల్లో మిషన్ డబ్బులు వచ్చేస్తాయని కింద రాసి ఉంది. "అందులో సగమే వచ్చినా చాలు సార్" అన్నాడు అంగడి ఆయన. ఆశను సగానికి తగ్గించి చూసుకోవడం మంచి అలవాటే. కానీ దేనిలో సగం అన్నది చూడాలి. ఆ 3,750 కిలోలు గానుగ ఎంత ఆడగలదో చెబుతాయి, ఎంతమంది వస్తారో చెప్పవు.

వాయికి 45 నిమిషాలు పడుతుంది. నూనె పోగా మిగిలిన చెక్క తీసి, రోలు తుడిచి, తర్వాతి వాళ్ళ గింజలు పోయడానికి ఇంకో పది, పదిహేను. పైగా ఎవరి గింజల నూనె వాళ్ళకే పోవాలి. ఎనిమిది కిలోలు తెచ్చినవాళ్ళకూ ఒక వాయి వేయాల్సిందే. కరెంటు, మనిషి సమయం దాదాపు అంతే పడతాయి, కూలి మాత్రం ఎనిమిది కిలోలకే వస్తుంది. ఇది పల్లె గానుగలన్నిట్లో ఉండే చిక్కే. పన్నెండు కిలోల కన్నా తక్కువ తెస్తే వాయి లెక్కన కూలి తీసుకుంటామని బోర్డు పెడితే సగం తీరుతుంది.

ఎన్ని ఇళ్ళు?

కాబట్టి మిషన్ వైపు నుంచి కాకుండా ఇళ్ళ వైపు నుంచి లెక్క పట్టాం. నలుగురున్న ఇంటికి నెలకు రెండు లీటర్ల నూనె పడుతుంది. ఏడాదికి 24 లీటర్లు. పదిహేను కిలోల మంచి గింజలు ఆడిస్తే ఆరు కిలోల నూనె వస్తుంది. నూనె నీళ్ళ కన్నా తేలిక కాబట్టి లీటర్లలో చూస్తే ఆరున్నర పైచిలుకు. అంటే ఒక ఇల్లు ఏడాదికి తెచ్చే గింజలు 55 కిలోలు.

పిండిమర దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టించాం. నెల రోజుల పాటు వచ్చినవాళ్ళను మూడే ప్రశ్నలు అడగమన్నాం: మీకు చెనక్కాయ పంట ఉందా, ఇప్పుడు నూనె ఎక్కడ ఆడిస్తున్నారు, ఇక్కడ గానుగ ఉంటే వస్తారా. మూడోదానికి అందరూ అవుననే అంటారు, దాన్ని పట్టించుకోలేదు. మొదటి రెంటికి జవాబు ఉన్నవాళ్ళనే, అంటే ఇప్పటికే ఎక్కడో ఒకచోట కూలి ఇచ్చి ఆడిస్తున్నవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నాం. 120 ఇళ్ళు తేలాయి.

120 ఇళ్ళు, 55 కిలోలు. ఏడాదికి 6,600 కిలోలు. నెలకు సగటున 550. అమ్మేవాళ్ళ కాగితంలోని సంఖ్యలో ఆరో వంతు కూడా లేదు.

సగటుతో కూడా పని జరగదు, ఎందుకంటే కంతు ప్రతి నెలా ఒకటే, గింజలు మాత్రం కాలాన్ని బట్టి వస్తాయి. చిత్తూరు పక్క వానాకాలపు చెనక్కాయ అక్టోబరు, నవంబరులో పీకుతారు. కాయ ఎండి, ఒలిచి గానుగకు వచ్చేసరికి డిసెంబరు. డిసెంబరు నుంచి మార్చి దాకా నెలకు 900 కిలోలు అనుకున్నాం. ఏప్రిల్ నుంచి జూలై దాకా 500. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇళ్ళలో గింజలు అయిపోయి ఉంటాయి, మిగిలినవి విత్తనానికి పోయి ఉంటాయి, కాబట్టి 250. కరువు నెలలంటే ఇవే.

కిలోకు మిగిలేదెంత

కూలి 15 రూపాయలు. మూడు హెచ్‌పీ మోటారు వాయికి సుమారు 1.7 యూనిట్లు తాగుతుంది, యూనిట్ 9 రూపాయల లెక్కన వాయికి 15, కిలోకు రూపాయి. గుడ్డలు, సబ్బు, చిల్లరకు ఇంకో రూపాయి. మిగిలేది 13.

సొంతంగా తీసి అమ్మే నూనె లెక్క వేరు, జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. క్వింటాలు గింజలు 11,200కు కొన్నారు. పుచ్చులు, రాళ్ళు, పొట్టు ఏరితే 97 కిలోలు. నూటికి నలభై చొప్పున 38.8 కిలోల నూనె, లీటర్లలో 42.6. మడ్డి కిందికి దిగాక సీసాలోకి వచ్చేది 41 లీటర్లు. లీటరు 300 చొప్పున 12,300. చెక్క 54 కిలోలు, పాడి రైతులకు కిలో 38 చొప్పున 2,052. రాబడి 14,352. ఇందులోంచి గింజలు 11,200, కరెంటు 100, సీసాలు, లేబుళ్ళు 369, అంగడి జీఎస్టీ కాంపొజిషన్‌లో ఉంది కాబట్టి అమ్మకం మీద ఒక శాతం, 144 తీసేస్తే క్వింటాలుకు 2,540 మిగులుతుంది. సీసా ఖర్చు తప్పించి విడిగా పోసి అమ్మేద్దామంటే కుదరదు. వంటనూనె లూజుగా అమ్మడాన్ని ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. లేబులు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరూ ఉండాలి.

పద్నాలుగు వేల రాబడిలో రెండున్నర వేలే మిగులు అని గమనించండి. ఆగస్టు తర్వాత గింజలు కిలోకు 12 రూపాయలు పెరిగితే క్వింటాలుకు 1,200 పోయి 1,340 మిగులుతుంది. నూనె ధర వెంటనే పెంచితే అలవాటైన నాలుగు ఇళ్ళూ పోతాయి. నెలకు రెండు క్వింటాళ్ళు, అంటే 82 లీటర్లు అమ్ముడుపోతాయని అనుకున్నాం.

మరి చౌకగా ఉన్నప్పుడే, జనవరిలో, కరువు నెలలకు కావాల్సిన ఎనిమిది క్వింటాళ్ళు కొని పెట్టుకుంటే? చాలామంది చెప్పే సలహా ఇది. ధరలో మిగిలేది 9,600. తొంభై వేలు ఎనిమిది నెలలు ఇరుక్కుంటే 11 శాతం లెక్కన వడ్డీ 6,600. మిగతా మూడు వేలూ పురుగుకు, తూకం తగ్గడానికి సరిపోతాయి. సొంత గింజలుంటే తప్ప కొని నిల్వ పెట్టి లాభం లేదు.

అదనపు ఖర్చు, పోయిన లాభం

గానుగ వల్ల పెరిగే నెలసరి ఖర్చులు రాశాం. సగం పూట మనిషికి 5,000. పెరిగిన లోడు మీద కరెంటు స్థిర చార్జీలు, చిల్లర 400. రోకలి, రోలు అరిగిపోతాయి కాబట్టి మరమ్మతుకు నెలకు 1,000 పక్కన పెట్టాలి. ఇది ఆ నెల జేబులోంచి పోదు, అందుకే అందరూ వదిలేస్తారు. రెండో ఏడు చివర్లో రోకలి మార్చాల్సి వచ్చినప్పుడు ఒక్కసారే పది, పన్నెండు వేలు వెతుక్కోవాలి.

ఇంకో 400 అంగడి లాభంలోంచి పోతుంది. గానుగ నూనె తీసుకునేవాళ్ళలో కొందరు ఇదే అంగడిలో ప్యాకెట్ నూనె కొనేవాళ్ళే. వాళ్ళు కొనడం మానేసిన ప్యాకెట్ల మీది లాభం గానుగ రాబడిలోంచి తీసేయాలి. మొత్తం నెలకు 6,800.

కాలం వారీగా ఒక నెల ఇలా తేలింది:

| కాలం | కూలి మిగులు | సొంత నూనె మిగులు | అదనపు ఖర్చు | చేతికి |
|---|---|---|---|---|
| డిసెంబరు–మార్చి | 11,700 | 5,080 | 6,800 | 9,980 |
| ఏప్రిల్–జూలై | 6,500 | 5,080 | 6,800 | 4,780 |
| ఆగస్టు–నవంబరు | 3,250 | 2,680 | 6,800 | –870 |

ఏడాదికి 55,560. మూడేళ్ళ అప్పుకు కంతులు ఏడాదికి 1,10,004. ఐదేళ్ళకు సాగదీసినా 73,056. ఏ రకంగా చూసినా ఈ గానుగ తన కంతు తాను కట్టుకోలేదు. అంగడి లాభంలోంచి ఏటా పదిహేడు వేలు పోసి నడపాలి. పెట్టిన 3,35,000 వెనక్కి రావడానికి, వడ్డీ కలపకుండానే, ఆరేళ్ళు. ఇలాగే అయితే అప్పు వద్దని చెప్పాం.

ఎక్కడ సర్దితే నిలబడింది

పట్టిక చూస్తే తెలుస్తుంది, తినేస్తున్నది మనిషి జీతం. ఏడాదికి 60,000. కానీ మామూలు నెలల్లో 500 కిలోలంటే 33 వాయిలే. వాటికి రోజూ గానుగ తెరిచి మనిషిని కూర్చోబెట్టడం ఎందుకు? మధ్యాహ్నం పూట పిండిమర ఖాళీగా ఉంటుంది, ఆయనే గానుగ నడపొచ్చు. బుధవారం, శనివారం మధ్యాహ్నాలు మాత్రమే గానుగ అని పెడితే ఒక్కో రోజుకు నాలుగు వాయిలు, పని సరిపోతుంది. కరువు నెలల్లో శనివారం ఒక్కటే చాలు. మనిషిని డిసెంబరు నుంచి మార్చి దాకా మాత్రం పెట్టుకోవాలి. రోజులు ఖాయం చేస్తే జనం రారేమో అని ఆమె భయపడింది. పల్లెల్లో సంత రోజు గుర్తుపెట్టుకున్నట్టే గానుగ రోజూ గుర్తుపెట్టుకుంటారు. తెరిచి ఉందో లేదో తెలియక రెండుసార్లు వచ్చి తిరిగి పోయినవాళ్ళే మళ్ళీ రారు.

జీతం 20,000కు దిగింది. ఏడాది మిగులు 95,560 అయింది. నెలల్లో చూస్తే పంట నెలల్లో 9,980, మధ్య నెలల్లో 9,780, కరువు నెలల్లో 4,130.

ఇప్పుడు కంతు సరిచూడొచ్చు. ఎక్సెల్‌లో ఒక్క వరుస:

```
=PMT(11%/12,60,-280000)
```

ఇది 6,088 చూపిస్తుంది. 60 బదులు 48 వేస్తే 7,237, 36 వేస్తే 9,167.

మూడేళ్ళ కంతు ఏడాదికి 1,10,004, ఇది కుదరదు. నాలుగేళ్ళదైతే 86,844. మిగులులో దాదాపు అంతా దానికే పోతుంది, రూపాయి కంతుకు రూపాయి పది పైసల రాబడి. ఒక్క నెల మోటారు కాలిపోతే చాలు. ఐదేళ్ళదైతే 73,056, రూపాయి కంతుకు రూపాయి ముప్పై పైసలు. ఇలాంటి అంగళ్ళకు రూపాయి పాతిక కన్నా తగ్గితే మేం ఒప్పుకోం. ఐదేళ్ళకు సాగదీసినందుకు మూడేళ్ళ కన్నా 35,000 వడ్డీ ఎక్కువ కట్టాలి. ఆ డబ్బుతో కొనుక్కుంటున్నది కరువు నెలల్లో ఊపిరి. చేతిలో మిగిలిన ఏడాది ముందుగా అసలు కట్టేసి ఆ వడ్డీ తగ్గించుకోవచ్చు. ముందే కట్టేస్తే జరిమానా ఉందా లేదా అన్నది సంతకం పెట్టక ముందే అడగాలి.

ఐదేళ్ళయినా కరువు నెలల్లో లోటే. 4,130 వస్తుంది, 6,088 కట్టాలి. నెలకు 1,958 తక్కువ, నాలుగు నెలలకు 7,832. అందుకని డిసెంబరు నుంచి జూలై దాకా నెలకు వెయ్యి రూపాయలు అప్పు ఖాతాకు జత చేసిన పొదుపు ఖాతాలో వేయమన్నాం. ఇంట్లో డబ్బాలో వేస్తే అది ఆడిమాసం దాకా ఉండదు.

ఈ లోపల ఒక ప్రైవేటు ఫైనాన్సు వాళ్ళు తొమ్మిది శాతానికే ఇస్తామన్నారు. ఫ్లాట్ తొమ్మిది. 2,80,000 మీద ఐదేళ్ళకు వడ్డీ 1,26,000, కంతు 6,767. బ్యాంకు పదకొండు శాతం కంతు కన్నా నెలకు 679 ఎక్కువ. అసలు తగ్గుతున్నా వడ్డీ మొదటి అసలు మీదే వేస్తారు కాబట్టి నిజానికి అది పదిహేనున్నర దాటిన వడ్డీ. వడ్డీ శాతాన్ని పక్కన పెట్టి, కంతు ఎంత, ఎన్ని కంతులు అని రెండే అడిగితే ఈ మాయ పారదు.

తిరిగొచ్చే కాలం అంటే ఏది?

ఒకే గానుగకు మూడు జవాబులు వస్తాయి. పెట్టుబడి 3,35,000ను ఏడాది మిగులు 95,560తో భాగిస్తే మూడేళ్ళ ఆరు నెలలు. సాధారణంగా పే బ్యాక్ అని చెప్పేది దీన్నే. రెండు మిషన్లను పోల్చుకోడానికి పనికొస్తుంది. కానీ అప్పు తీసుకున్నవాడికి వడ్డీ కూడా పోతుంది. చేతి డబ్బు 55,000, ఐదేళ్ళ కంతులు 3,65,280 కలిపితే 4,20,280. దాన్ని భాగిస్తే నాలుగేళ్ళ ఐదు నెలలు. అప్పు చూసేవాళ్ళు పెట్టుకోవాల్సింది ఈ సంఖ్య. ఇది అప్పు కాలం కన్నా తక్కువ ఉండాలి. ఇక్కడ 60 నెలలకు 53 నెలలు, ఏడు నెలల వెసులుబాటు. మూడోది, కంతులు పోగా ఏటా మిగిలే 22,504తో చేతి డబ్బు 55,000 ఎప్పటికి తిరిగొస్తుందన్నది: రెండేళ్ళ ఐదారు నెలలు. ఇంట్లో వాళ్ళు అడిగేది ఎప్పుడూ ఇదే.

సబ్సిడీ వస్తే కాలం తగ్గదా అని అడిగారు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకు 35 శాతం దాకా సబ్సిడీ పెట్టారు. కానీ ఆ డబ్బు చేతికి రాదు. మూడేళ్ళ పాటు అప్పు ఖాతా సక్రమంగా నడిచి, యూనిట్ పనిచేస్తూ ఉంటే అప్పుడు అప్పులో సర్దుతారు. మొదటి మూడేళ్ళ కంతు లెక్కలో దాన్ని తగ్గించి చూసుకోవడం తప్పు. ఈ లెక్కలో కలపలేదు.

ఎన్ని ఇళ్ళు తగ్గితే మునుగుతుంది

ఏడాదికి 22,504 మిగులు. ఒక ఇల్లు ఏడాదికి 55 కిలోలు, కిలోకు 13, అంటే ఇంటికి 715. ముప్పై ఒక్క ఇళ్ళు తగ్గితే ఆ మిగులు పోతుంది. 120లో 89 ఇళ్ళు వస్తేనే గానుగ తన కంతు తాను కట్టుకుంటుంది. కాగితాల కట్ట మొత్తంలో అంగడి వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంఖ్య ఇదొక్కటే. గోడ మీద సుద్దతో రాయించాం.

గింజల ధర ఏడాదంతా కరువు నెలల ధరలోనే ఉంటే ఇంకో 19,200 పోతుంది. అప్పుడు కంతు పోగా మూడు వేలే మిగులుతాయి, కానీ మునగదు. రెండూ కలిసి వస్తే మునుగుతుంది. అందుకే సొంత నూనె పెంచడం కన్నా కూలికి ఆడించే ఇళ్ళు పెంచడం మీదే చూపు పెట్టమన్నాం. అందులో గింజల ధర భారం మనది కాదు.

అప్పు ఎప్పుడు తీసుకోవాలి

వాళ్ళు జూలైలో తీసుకుందామనుకున్నారు. డబ్బు బ్యాంకు నుంచి నేరుగా మిషన్ అమ్మేవాళ్ళ ఖాతాలోకి పోతుంది, మిషన్ రావడానికి మూడు నాలుగు వారాలు, లోడు పెంచే అనుమతికి ఇంకొన్ని. జూలైలో తీసుకుంటే తిరగడం మొదలయ్యేది సరిగ్గా కరువు నెలల్లో. కంతులు మాత్రం ఆగవు. కొత్తలో గానుగ పట్టు తెలిసే దాకా నూనె కూడా తక్కువే దిగుతుంది. అక్టోబరులో దరఖాస్తు వేసి, నవంబరు చివరికి బిగించి, మొదటి కంతు ఆపడానికి మూడు నెలల మారటోరియం అడిగారు. ఆ మూడు నెలలూ వడ్డీ మాత్రం, నెలకు సుమారు 2,570, కట్టారు. అలా కడితే అది అసలులో కలవదు, కంతు 6,088 దగ్గరే ఉంటుంది.

ఏడాది తర్వాత పుస్తకం

కూలికి ఆడించినవి 5,750 కిలోలు. అనుకున్నదాని కన్నా 850 తక్కువ. సొంత నూనె 24 క్వింటాళ్ళకు 19 మాత్రమే పోయింది, అందులో ఆరు కరువు నెలల్లో. ఒకటి మాత్రం లెక్కలో లేకుండా కలిసొచ్చింది. కొందరు కూలి డబ్బుల బదులు చెక్క వదిలేసి వెళ్ళారు. వాయికి కూలి 225, చెక్క 8.4 కిలోలు వస్తుంది, దాని ధర 319. వాయికి 94 ఎక్కువ. అలా 110 వాయిలు, పది వేలు పైన. అయితే వానల్లో చెక్కను వారం దాటి నిల్వ పెట్టకూడదు. తేమకు బూజు పడితే అందులోని అఫ్లటాక్సిన్ అనే విషం ఆవు పాలలోకి దిగుతుంది. పాలు తిప్పి పంపేస్తే రైతు మళ్ళీ మన చెక్క ముట్టుకోడు.

అన్నీ కలిపితే ఏడాది మిగులు 84,550. కంతుకు రూపాయి పదహారు పైసలు. మేం పెట్టుకున్న గీత కన్నా కిందే, కానీ ఒక్క కంతూ తప్పలేదు. కరువు నెలల లోటు పొదుపు ఖాతాలోంచే పోయింది. ఇదే తీరున నడిస్తే పెట్టుబడి తిరిగి రావడానికి మూడున్నరేళ్ళు కాదు, నాలుగేళ్ళు.

సొంత నూనె ఎందుకు తగ్గిందని చూస్తే, మధ్యలో రెండు నెలలు దిగుబడే పడిపోయింది. నూటికి 40 బదులు 37. క్వింటాలుకు మూడు లీటర్లు, అంటే 900 పైన, మిగులులో మూడో వంతు. సీసాలు తగ్గినా ఎవరూ గుర్తించలేదు, చెక్క తూకం వేసి చూస్తే తెలిసింది: 15 కిలోల వాయికి ఎనిమిదిన్నర రావాల్సింది తొమ్మిది దాటుతోంది. చెక్కను పాత పేపరు మీద పెట్టి నొక్కితే జిడ్డు మరక పడింది. ఒకటి, గింజలు సరిగా ఎండలేదు. రెండు, రోకలి అడుగు అరిగి రోలుకు ఆనడం లేదు. గింజలు ఇంకో రోజు ఎండబెట్టించి, రోకలి అడుగు చెక్కించాక మళ్ళీ 40కి వచ్చింది. ఇప్పుడు వారానికి ఒక వాయి చెక్కను కాటా మీద పెట్టి పుస్తకంలో రాస్తున్నారు.

రెండో ఏడు చూడాల్సింది మార్చి నెలాఖరున. ఆ నాటికి పుస్తకంలో వేర్వేరు ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఎక్కువ ఇళ్ళు పంట నెలల్లోనే ఒకసారైనా వచ్చిపోతాయి కాబట్టి అప్పటికి 89 దాటకపోతే ఆ తర్వాత దాటవు. అలాంటప్పుడు ఆగస్టు కంతు కోసం ఆగకుండా ఏప్రిల్‌లోనే రెండు పనులు చేయాలని రాసిచ్చాం: సొంత నూనె నెలకు ఒక క్వింటాలుకు దించి, గింజల్లో ఇరుక్కున్న 22,000ను వెనక్కి తీసి పొదుపు ఖాతాలో వేయడం, వచ్చే పంట నెలల్లో మనిషిని నాలుగు నెలల బదులు రెండు నెలలకే మాట్లాడుకోవడం.